సరిపోయిన లెక్కలో రెండు తప్పులు

విత్తన పరీక్షశాలలో అందరూ ఆమెను లెక్కలక్క అనేవాళ్లు. పరీక్షకి వచ్చిన ప్రతి సంచిలోంచీ కాసిని గింజలు తీసి, నూరేసి చొప్పున ఎనిమిది కుప్పలు లెక్కపెట్టి, ఒక్కో కుప్పనీ సన్నటి త్రాసు మీద తూచడం ఆమె పని. వెయ్యి గింజల బరువెంతో తేల్చేది ఆ తూకమే. ఎకరానికి ఎంత విత్తనం పొయ్యాలో రైతు దాన్ని బట్టే చూసుకుంటాడు. లెక్క అటూ ఇటూ అయితే పొలం పల్చబడుతుంది, లేదా మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి గిడసబారిపోతాయి.

ఆమె ఎదురు బల్ల దగ్గర ఇంకొకామె కూర్చునేది. మనిషి బాగా పొడుగు. అందుకని అందరికీ ఆమె పొడుగే. వయసులో చిన్నది. లెక్కలక్కని "అక్కా" అనేది, కలిసి తినేది, బల్లకి అటూ ఇటూ కూర్చుని ఇద్దరూ పెదాలు కదుపుకుంటూ గింజలు జరుపుతుంటే ఏదో జపం చేస్తున్నట్టే ఉండేది.

ఆ పొడుగే ఒకరోజు ఆఫీసరు గదిలోకి వెళ్లి చెప్పింది. "సార్, అక్క కుప్పల బరువులు ఒకదానికొకటి పొసగడం లేదు. నేను మళ్లీ లెక్కపెట్టి చూశాను. ఒకదాంట్లో తొంభై ఏడున్నాయి, ఇంకోదాంట్లో నూట రెండు."

ఎనిమిది కుప్పల బరువులూ దగ్గర దగ్గరగా ఉండాలి. తేడా ఒక హద్దు దాటితే లెక్క మళ్లీ మొదటికి. లెక్కలక్క కుప్పలు హద్దు దాటడం అది మొదటిసారి కాదని ఆఫీసరుకీ తెలుసు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు. డాక్టరు ఆమె చేతికి గళ్ల కాగితం ఇచ్చి ఎలా కనబడుతోందని అడిగాడు. మధ్యలో గీతలు అలల్లాగా వంకర్లు తిరుగుతున్నాయంది. కంటి లోపలి పొర నడిమధ్య దెబ్బతిందని, మందుతో ఇంకా చెడకుండా ఆపొచ్చుగానీ పోయిన చూపు రాదని ఆయన తేల్చాడు. "దూరం చూపు ఫరవాలేదు. పెద్దగా చేసి చూసుకుంటే అక్షరాలూ కనబడతాయి. చిన్నచిన్న వస్తువులతో తలపడే పని మాత్రం మానెయ్యండమ్మా."

ఆఫీసరు మంచివాడే. ఉద్యోగం తియ్యలేదు. "ముందు గదిలో సంచులు దించుకుని చీటీలు అంటించే పని చూడండి. జీతం అదే," అన్నాడు.

"నేను లెక్కపెట్టే మనిషిని సార్."

"తెలుసమ్మా. కానీ ఆ లెక్క మీద సంతకం నాది."

ఆమె తన డబ్బా, గింజలు జరిపే చెక్క పుల్ల తీసుకుని ముందు గదిలోకి వెళ్లిపోయింది. వెళుతూ పొడుగు వైపు చూడలేదు. "అక్కా, చెప్పకపోతే ఎక్కడో ఎవరి పొలమో..." అని పొడుగు ఏదో అనబోయింది. లెక్కలక్క అప్పటికే తలుపు దాటింది.

ఇంటికొచ్చాక కూడా ఆమెకి కోపం పొడుగు మీదా, కంటి మీదా అన్నది తేలలేదు. భర్త షాపులకి వెలిగే బోర్డులు చేసే మేస్త్రి. చేతులకంటిన రంగు తుడుచుకుంటూ అంతా విన్నాడు. "ముందు గదిలో కుర్చీ ఉంటుందిగా. నడుము నొప్పి తగ్గుతుంది," అన్నాడు.

"కుర్చీ కోసమా నేను ఇన్నేళ్లు పనిచేసింది?"

అతను మళ్లీ చేతుల రంగు తుడుచుకోవడంలో పడ్డాడు.

ఆదివారం తమ్ముడి భార్య వచ్చింది. కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. వదిన సంగతి విని, ఊరుకోబెట్టే మాటలేమీ చెప్పకుండా ఒక ప్రశ్న వేసింది. "వదినా, గింజలు నీ కన్ను చూడక్కర్లేకుండా ఫోన్ చూస్తే? ఫొటో తీసి, అందులో గింజలెన్నో లెక్కపెట్టించొచ్చు. మా పిల్లలకి మొదటి ఏడాదిలోనే నాణేలు పెట్టి నేర్పిస్తాం."

"ఆ ప్రోగ్రాం నువ్వు రాసిస్తావా?"

"రాసివ్వను. నేర్పిస్తాను. రేపు అది తప్పు చెబితే ఎందుకు చెప్పిందో నీకు తెలియాలిగా."

లెక్కలక్క అప్పటికప్పుడు భోజనాల బల్ల తుడిచింది.

నేర్చుకోవడం అనుకున్నంత సులువు కాలేదు. తెర మీద అక్షరాలు వేలెడంత చేసుకుని, ఒక్కో వరుసా గట్టిగా చదువుకుంటూ రాసేది. ఒక చుక్క పెట్టాల్సిన చోట కామా పెడితే మొత్తం మొరాయించేది. మరదలు పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేది. రంగు తీసేస్తే ఫొటోలో ప్రతి చుక్కకీ ఒక వెలుగు అంకె మిగులుతుంది. సున్నా అంటే కటిక నలుపు, రెండు వందల యాభై అయిదు అంటే మెరిసే తెలుపు. మధ్యలో ఎక్కడో ఒక హద్దు గీస్తాం. దాన్నే థ్రెషోల్డ్ అంటారు. హద్దుకి ఇటున్నవన్నీ నలుపు, అటున్నవన్నీ తెలుపు. ఇంక బూడిద రంగనేది ఉండదు. ఆ తర్వాత తెల్లటి ముద్దలన్నిటికీ చుట్టూ అంచు గీయిస్తాం. ఎన్ని అంచులుంటే అన్ని గింజలు.

"హద్దు ఎక్కడ గియ్యాలో ఎట్లా తెలుస్తుంది?"

"దాన్నే వెతుక్కోమనొచ్చు. చీకటి చుక్కలు ఒక గుట్టగా, వెలుగు చుక్కలు ఒక గుట్టగా పడతాయి. రెంటినీ బాగా విడదీసే చోట అది గీత పెడుతుంది. కానీ గుట్టలు రెండు ఉండాలి మరి. వెలుగు సరిగ్గా లేకపోతే రెండూ కలిసిపోతాయి."

తెల్ల కాగితం మీద మచ్చల చిక్కుడు గింజలు పోసి, పైన దీపం వేసి మొదటి ఫొటో తీసింది. నలభై గింజలు పోస్తే కంప్యూటరు ఒకటి అంది.

"ఒకటేమిటి?" అని లెక్కలక్క తెల్లబోయింది. మరదలు నవ్వు ఆపుకుంది. "అది తెల్లటి ముద్దకి అంచు గీస్తుంది వదినా. నీ ఫొటోలో తెల్లగా ఉన్నది కాగితం. కాగితం ఒకటే కదా. తెలుపునీ నలుపునీ తారుమారు చెయ్యి."

తారుమారు చేస్తే డెబ్బై మూడంది. గింజల మీది లేత మచ్చలు కాగితంలో కలిసిపోయి, ఒక్కో గింజా రెండు ముక్కలూ మూడు ముక్కలూ అయింది. ఇంకోవైపు, దీపం నీడలు పక్కపక్క గింజలని కలిపేశాయి. దీపం జరిపితే నీడ జరిగేది తప్ప పోయేది కాదు. కిటికీ దగ్గర పెట్టింది, రెండు దీపాలు పెట్టింది, నల్ల గుడ్డ పరిచింది. ప్రతిసారీ అంకె మారేది. నిజం అంకె ఒక్కసారీ రాలేదు.

ఇదంతా చూస్తున్న మేస్త్రి ఓ సాయంత్రం చంకలో బోర్డు ముక్క ఒకటి పెట్టుకుని వచ్చాడు. ఏదో షాపువాడు వద్దన్న బోర్డు. అక్షరాలు గీకేసి, పాల రంగు ప్లాస్టిక్ పలక కింద దీపాలు సరిచేసి, చుట్టూ చిన్న అంచు కట్టాడు. "నువ్వు పైనుంచి వెలుగేసి నీడతో కుస్తీ పడుతున్నావు. మా బోర్డుల్లో వెలుగు లోపల్నుంచి వస్తుంది. దీని మీద పొయ్యి," అన్నాడు.

పోసింది. గింజలన్నీ తెల్లటి వెలుగు మీద నల్లటి బొమ్మల్లా నిలబడ్డాయి. మచ్చలేదు, నీడలేదు. హద్దు వెతుక్కోమంటే తడుముకోకుండా గీసేసింది. నలభైకి నలభై. లెక్కలక్క భర్త వైపు చూసి, "పోన్లెండి, ఇన్నాళ్లకి పనికొచ్చారు," అంది. అతనికి అంతకన్నా పెద్ద మెప్పు ఎప్పుడూ దక్కలేదు.

నూరు గింజలు పోసేసరికి కొత్త చిక్కు. ఒకదానికొకటి ఆనుకున్న గింజలు ఒకే ముద్దగా కనబడి, రెండూ కలిసి ఒకటే అంచు. నూరుకి తొంభై ఒకటో తొంభై మూడో వచ్చేది. దానికీ మరదలు దారి చూపించింది. "ముద్దని నీళ్ల మధ్య దీవి అనుకో. దీవిలో ప్రతి చోటికీ, అక్కడి నుంచి ఒడ్డు ఎంత దూరమో రాయించు. ఒడ్డున సున్నా, లోపలికి పోయేకొద్దీ పెద్ద అంకె. రెండు గింజలు ఆనుకుని ఉంటే అతికిన చోట సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ అంకె తగ్గుతుంది. రెండు శిఖరాలు లేస్తాయి. శిఖరాలు లెక్కపెట్టు."

అది రాయడానికి చాలా రోజులు పట్టింది. కుదిరిన రోజున లెక్కలక్క ఆఫీసరు గదికి వెళ్లి, నిలబడే అడిగింది. "సార్, ఒక పరీక్ష పెట్టండి. నెగ్గితే నా బల్ల నాకివ్వండి."

ఆయన ఆలోచించాడు. "ఎనిమిది కుప్పలు. పొడుగు లెక్కపెడుతుంది, నేను సరిచూస్తాను. మీ యంత్రం ఎనిమిదింటికీ సరిగ్గా నూరు చెప్పాలి. ఒక్కటి తప్పినా ఇంక దాని ఊసెత్తకూడదు. సరేనా?"

"సరే సార్."

వెలుగు పలకని ఆఫీసరు బల్ల మీద పెట్టి, పైన ఫోనుకి స్టాండు బిగించింది. పొడుగు కుప్పలు తెచ్చి ఒక్కొక్కటీ పలక మీద పోసింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మొదటిది నూరు. రెండోది నూరు. మూడు, నాలుగు, అయిదు, అన్నీ నూరే. ఆఫీసరు ముందుకి వంగాడు. ఎనిమిదోది కూడా నూరే వచ్చేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "బాగుందమ్మా. నిజంగా బాగుంది," అన్నాడు. పొడుగు కళ్లలో మెరుపు కనబడింది. లెక్కలక్క మాత్రం తెర వంక చూస్తూ ఉండిపోయింది.

అంకె కింద ఫొటో ఉంటుంది. ఒక్కో గింజ చుట్టూ పచ్చటి అంచు. ఆమె అలవాటు కొద్దీ దాన్ని పెద్దది చేసి, ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుపుతూ చూస్తోంది. గింజ చెక్క పుల్లంత పెద్దగా కనబడితే ఆమె కన్ను ఇంకా కన్నే. ఆరో కుప్ప దగ్గర ఆగింది.

ఒక మూల రెండు గింజలు ఒకదాని మీదికొకటి సగం పైగా ఎక్కి ఉన్నాయి. కింది వెలుగుకి రెండూ కలిసి ఒకటే నల్ల ముద్ద. ఒకటే శిఖరం, ఒకటే అంచు. ఇంకో మూల ఒక గింజకి నడుము బాగా నొక్కుకుపోయి ఉంది. ఆ నడుము దగ్గర దాన్ని రెండుగా కోసి, రెండు అంచులు గీసింది యంత్రం. అక్కడ ఒకటి తగ్గింది, ఇక్కడ ఒకటి పెరిగింది. వెరసి నూరు.

అది ఆమె ఒక్కతే చూసింది. ఆఫీసరు అప్పటికే కలం మూత తీస్తున్నాడు.

"సార్, ఆగండి. ఆరోది తప్పు."

"నూరే వచ్చిందిగా?"

"నూరు వచ్చింది గానీ నూరు లెక్కపెట్టలేదు." ఆమె తెర ఆయన వైపు తిప్పి రెండు మూలలూ చూపించింది.

"అక్కా, ఎట్లాగూ సరిపోయిందిగా," అంది పొడుగు నెమ్మదిగా. లెక్కలక్క బల్ల వదిలాక ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఈ రోజు సరిపోయింది. రేపు ఇలా ఒకదాని మీదొకటి ఎక్కిన ఎక్కుడు గింజలే ఉండి, నడుము గింజ లేకపోతే? నువ్వే కదా చెప్పావు, ఎవరి పొలమో అని."

పొడుగు తలొంచుకుంది. ఆఫీసరు కలం మూత పెట్టేశాడు. "మాట ప్రకారం చూస్తే ఎనిమిదీ నూరే. మీరు చెప్పకపోతే నేను సంతకం పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు పెట్టలేను." కలం జేబులో పెట్టుకుని అన్నాడు. "ఊసెత్తకూడదన్నాను చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది సరయ్యాక రండి."

ముందు గదిలో మర్నాడు సంచులకి చీటీలు అంటిస్తుంటే ఆమెకి ఏడుపు రాలేదు. ఒక రకమైన పట్టుదల వచ్చింది. ఆ రెండు గింజలూ కళ్ల ముందునుంచి పోలేదు. ఇంటికెళ్లి శిఖరాల లెక్కని అటూ ఇటూ జరిపి చూసింది. ఎక్కుడు గింజలు విడిపోయేట్టు పెడితే నడుము గింజలు ఇంకా ముక్కలయ్యేవి. నడుము గింజలని కాపాడబోతే ఆనుకున్నవి అతుక్కుపోయేవి. ఎటు లాగినా ఎటో ఒకటి చిరిగేది.

"దాన్ని తెలివైనదాన్ని చెయ్యడం ఆపేద్దామనుకుంటున్నా," అంది ఫోనులో మరదలితో.

"అంటే మానేస్తావా వదినా?"

"మానెయ్యడమేంటి. తెలియనప్పుడు తెలియదని చెప్పేదాన్ని చేస్తా."

అన్ని అంచుల్నీ వాటి వైశాల్యం ప్రకారం చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో నిలబెట్టించింది. సరిగ్గా నడిమధ్య నిలబడ్డ గింజని కొలతగా తీసుకుంది. దానికన్నా మరీ పెద్దగా ఉన్న ముద్ద ఎక్కుడు గింజలు కావొచ్చు. మరీ చిన్నగా ఉన్నది కోసేసిన ముక్కో, విరిగిన గింజో కావొచ్చు. అలాంటివాటి చుట్టూ ఎర్ర అంచు గీయించింది. ఎర్రది ఒక్కటున్నా అంకె ఇవ్వదు. పలక కదిపి మళ్లీ ఫొటో తియ్యమంటుంది. కదిపినా పోని ఎరుపుని మనిషి చూసి తేల్చాలి. సగానికన్నా పెద్ద ముక్క అయితే గింజ కింద లెక్క, కాకపోతే చెత్త కింద. అది పాత పద్ధతే.

అదంతా సరిచూసుకోవడానికి తప్పుడు కుప్పలు కావాలి. తను పోసిన కుప్పలు తనకి లొంగిపోయేవి. ఎవరైనా దుర్బుద్ధితో పొయ్యాలి. చాలాసేపు తటపటాయించి, మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని వెళ్లి పొడుగు పక్కన కూర్చుంది.

"నువ్వు ఆ రోజు చెప్పింది సరే," అంది డబ్బా మూత తీస్తూ. "కాస్త ముందు నాతో చెప్పాల్సింది."

"చెప్పాలనే వచ్చాను అక్కా, రెండుసార్లు. నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"సరే, ఇప్పుడైనా మొహమాటపడకుండా ఒక పని చెయ్యి. నా యంత్రాన్ని మోసం చెయ్యి."

పొడుగు ఆ పనిని ఎంత ఇష్టంగా చేసిందో చెప్పలేం. విరిగిన గింజలు కలిపింది, మట్టి పెళ్లలు కలిపింది, మూడేసి గింజలు చేర్చి పెట్టింది. యంత్రం అన్నిటికీ ఎరుపు చూపించింది. మూడో రోజున ఆమె ఒక కుప్ప పోసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్క ఎరుపూ రాలేదు. తొంభై తొమ్మిది అంది యంత్రం.

"నూరున్నాయి," అంది పొడుగు.

ఎంత పెద్దది చేసి చూసినా లెక్కలక్కకి దొరకలేదు. చివరికి పొడుగు వేలు పెట్టి చూపించింది. ఒక లావు గింజ నెత్తిన ఒక పీల గింజ, నీడకి కూడా బయటపడకుండా అచ్చంగా మధ్యలో కూర్చుంది. కింది నుంచి వెలుగు వస్తే రెంటికీ ఒకటే ఆకారం. వైశాల్యం కూడా లావుదాని వైశాల్యమే.

లెక్కలక్క కుర్చీలో కూలబడింది. "దీనికి మందు లేదు. కనబడనిదాన్ని అది ఎట్లా లెక్కపెడుతుంది?"

పొడుగు కాసేపు గింజల్ని చూసింది. "మనం ఎప్పుడైనా ఒక్కసారి లెక్కపెట్టి ఊరుకున్నామా అక్కా? కుప్ప చెరిపి రెండోసారి లెక్కపెడతాంగా. దీనికి మాత్రం ఒక్కసారే ఎందుకు?"

లెక్కలక్క లేచి పలక అంచు పట్టుకుని రెండు సార్లు గట్టిగా ఊపింది. పీల గింజ జారి పక్కన పడింది. ఈసారి నూరు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎరుపు ఉన్నా లేకపోయినా, ప్రతి కుప్పకీ మధ్యలో ఒక ఊపుతో రెండు ఫొటోలు. రెండు అంకెలూ ఒకటైతేనే లెక్క.

రెండో పరీక్షకి కుప్పల్ని పొడుగు ఒక్కతే కట్టలేదు. ఆఫీసరు కూడా తలుపేసుకుని కొన్ని కట్టాడు. నూరే ఉంటాయని కూడా చెప్పలేదు. "ఎన్నున్నాయో మీ యంత్రమే చెప్పాలి," అన్నాడు.

మొదటి కుప్పకి ఎరుపు. ఊపితే పోయింది. తొంభై ఎనిమిది. ఆయన తల ఊపాడు. రెండోది నూటొకటి. మూడోదాంట్లో ఒక ఎరుపు ఎంత ఊపినా పోలేదు. తెర మీద పెద్దది చేసి చూసింది లెక్కలక్క. పుట్టుకతోనే దొడ్డుగా ఉన్న మంచి గింజ. "గింజే సార్, ఒకటే," అని తెర మీద నొక్కి ఎరుపు తీసేసింది. నాలుగోదాంట్లో సగానికి తక్కువ ముక్క ఒకటి. పట్టుకారుతో తీసి పక్కన పెట్టింది. అయిదోదానికి రెండు ఫొటోలూ రెండు అంకెలు చెప్పాయి. మళ్లీ ఊపింది, మళ్లీ తీసింది, ఒకే అంకె రెండు సార్లు వరసగా వచ్చేదాకా వదల్లేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ఆమె చూడలేదు.

ఎనిమిదీ అయ్యాక ఆయన తన చీటీ తీసి ఆమె అంకెల పక్కన పెట్టుకున్నాడు. వేలితో ఒక్కొక్కటే దిగుతూ వచ్చాడు. అన్నీ కలిశాయి. చూపు మళ్లీ పైకి వెళ్లింది, పచ్చ అంచుల ఫొటోల మీదికి. ఈసారి అంకెల కన్నా వాటినే ఎక్కువ సేపు చూశాడు.

"చేత్తో లెక్కపెట్టే దానికన్నా పెద్ద వేగమేమీ లేదు దీనికి," అన్నాడు.

"లేదు సార్. కానీ ఎవరు కావాలంటే వాళ్లు ఫొటో తీసి చూసుకోవచ్చు, ఎక్కడ ఏది గింజ అనుకుందో. నా కుప్పలు అలా చూపించలేకపోయాను."

ఆయన సంతకం పెట్టాడు. కింద ఒక షరతు రాశాడు. ప్రతి లెక్కతో పాటు దాని ఫొటో దాచాలి, వారానికి ఒక కుప్పని పొడుగు చేత్తో సరిచూడాలి. "చిక్కుడుకి మాత్రమే," అని కూడా రాశాడు. "మిగతా విత్తనాలకి వేరే పరీక్ష."

లెక్కలక్క బల్ల లెక్కలక్కకి వచ్చింది. ఆ మర్నాడే ఒక సంచి దిగింది. ఆవగింజలో సగం కూడా లేని గింజలు. వెలుగు పలక మీద చిటికెడు పోసి ఫొటో తీస్తే యంత్రం నానా అవస్థా పడింది. దుమ్మేదో గింజేదో దానికి తెలియలేదు. ఇంతకన్నా చిన్న చుక్కని దుమ్ముగా వదిలెయ్యమని చిక్కుడుకి పెట్టిన హద్దులో ఇవన్నీ దుమ్ము కిందే పోయాయి. సున్నా అంది.

పొడుగు ఎదురు బల్ల నుంచి తొంగి చూసింది. "ఏమంటోందక్కా?"

"అసలు గింజలే లేవంటోంది," అంది లెక్కలక్క. కుర్చీ ముందుకి లాక్కుని, ఫోను స్టాండు మర సడలించి, పలకకి ఇంకాస్త దగ్గరగా దించడం మొదలుపెట్టింది.